తిరుగు లోడు కోసం ఆరేళ్లుగా వాడుతున్న లోడ్ యాప్, లాతూర్ బ్రోకరు: ఒక లారీ యజమాని సమీక్ష

నాకు ఒక 10 టైర్ల లారీ ఉంది. దానిలో అంబాజీపేట నుంచి షోలాపూర్‌కు కొబ్బరికాయలు వేస్తాము. వెళ్లే కిరాయి గురించి నాకు ఎప్పుడూ పెద్ద దిగులు లేదు, ఎందుకంటే మండీ వ్యాపారులు ఏళ్ల తరబడి తెలిసినవారే. దిగులంతా షోలాపూర్‌లో కాయ దించిన మరుక్షణం నుంచి మొదలవుతుంది. ఖాళీ బండి 760 కిలోమీటర్లు తిరిగి రావాలి. ఆ ఖాళీని నింపుకోవడానికి ఆరేళ్లుగా ఒక లోడ్ యాప్‌నూ, లాతూర్‌లోని ఒక బ్రోకర్‌నూ వాడుతున్నాను. ఈ రెండింటిలో ఏది ఎక్కడ పనికివచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

లాతూర్ పేరు ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. ఆ ప్రాంతంలో సోయా పండుతుంది, నూనె తీసిన తరువాత మిగిలే సోయా డీవోసీ అక్కడి ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళుతుంది. మన భీమవరం చుట్టుపక్కల చేపల మేత, రొయ్యల మేత తయారు చేసే ఫ్యాక్టరీలకు అదే ముడిసరుకు. అంటే డెల్టా నుంచి బయలుదేరిన బండికి డెల్టాకే వచ్చే సరుకు దారిలో దొరుకుతోంది. షోలాపూర్ నుంచి లాతూర్‌కు ఖాళీగా 125 కిలోమీటర్లు నడిపితే చాలు.

అయితే సరుకు ఉన్నంత మాత్రాన లాభం వచ్చినట్టు కాదని రెండో ఏడాదిలో గాని నాకు అర్థం కాలేదు. ఒక ట్రిప్పు లెక్క చూపిస్తాను. లీటరు డీజిలు 97 రూపాయలు, ఖాళీ బండి లీటరుకు ఐదున్నర కిలోమీటర్లు, లోడు బండి నాలుగు అనుకుందాం. షోలాపూర్ నుంచి నేరుగా ఖాళీగా ఇంటికి వస్తే 138 లీటర్లు, అంటే సుమారు 13,400 రూపాయలు పోతాయి. లాతూర్ వెళ్లి, 18 టన్నుల డీవోసీ ఎత్తి, 700 కిలోమీటర్లు నడిపి భీమవరంలో దించి, అక్కడి నుంచి మళ్లీ 70 కిలోమీటర్లు ఖాళీగా అంబాజీపేట చేరితే 210 లీటర్లు, సుమారు 20,400 రూపాయలు. తేడా 7,000. టోల్ గేటు రుసుము బండి రకాన్ని బట్టే గాని అందులోని సరుకును బట్టి ఉండదు కనుక దానిని రెండు వైపులా సమానంగానే తీసుకున్నాను. కమీషన్, లోడింగ్ ఖర్చులు మరో 1,500. కిరాయి టన్నుకు 1,500 చొప్పున 27,000 వచ్చింది. ఇంతవరకు చూస్తే 18,500 మిగిలినట్టే.

ఇక రోజులు లెక్కించాలి. ఫైనాన్స్ కిస్తీ, ఇన్సూరెన్స్, పన్ను, డ్రైవర్ బత్తా కలిపి నా బండికి రోజుకు సుమారు 3,500 రూపాయలు పడుతుంది. ఎత్తడానికీ దించడానికీ ఎంత సజావుగా సాగినా రెండు రోజులు అదనం, అంటే 7,000 పోయి 11,500 మిగిలాయి. దానిపై లాతూర్‌లో మూడు రోజులు నిరీక్షిస్తే మిగిలేది వెయ్యి రూపాయలే, నాలుగో రోజుకు ఖాళీగా రావడమే మేలయ్యేది. ఆ ట్రిప్పులో మా డ్రైవర్ ఫోన్ చేసి, “ఆయ్, లోడు ఉందనే అంటున్నారండి గానీ, గేటు బయట పదిహేను బళ్లు ఉన్నాయండి” అన్నాడు. యాప్‌లో మాత్రం అదే ఫ్యాక్టరీ లోడు “వెంటనే” అని కనిపిస్తోంది. గేటు ముందరి వరుస యాప్‌కు తెలియదు, ఆ ఊళ్లో కూర్చున్న బ్రోకర్‌కు తెలుస్తుంది. నా అనుభవంలో ఈ రెంటికీ ఉన్న అతి ముఖ్యమైన తేడా ఇదే.

యాప్ చేసిన మేలును మాత్రం తక్కువ చేయలేను. అది రాకముందు లాతూర్ కిరాయి ఎంతో నాకు తెలిసేది కాదు. బ్రోకరు టన్నుకు 1,250 అంటే అదే ధర అనుకునేవాడిని. ఇప్పుడు బండి జహీరాబాద్ దాటేటప్పుడే అదే దారిలో ఎవరెవరు ఎంత ఇస్తున్నారో చూసి, ఆ అంకె పట్టుకుని బ్రోకర్‌తో మాట్లాడతాను. కాయ దించక ముందే లోడు ఖరారు చేసుకోవడం వల్ల ఆగే రోజులు చాలా తగ్గాయి. దించిన తరువాత వెతకడం మొదలుపెట్టిన బండికి బేరమాడే బలం ఉండదు, డ్రైవర్ అక్కడ ఖాళీగా నిలబడి ఉన్నాడని అవతలివారు గ్రహిస్తారు.

యాప్‌లో నేను నష్టపోయింది డబ్బు విషయంలోనే. ఒకసారి యాప్‌లో పరిచయమైన ఒక పార్టీ కిరాయిలో 80 శాతం అడ్వాన్సు ఇచ్చి, మిగతాది సరుకు చేరిన రసీదు పంపగానే ఇస్తామన్నాడు. భీమవరం కాటాలో తూకం 120 కిలోలు తగ్గిందని తేల్చి, సరుకు విలువ కిలో 45 రూపాయల చొప్పున 5,400 నా మీద వేశారు. అంటే నాకు రావలసిన బాకీ మొత్తం అదే. డీవోసీలో తేమ ఆరి తూకం కొంత తగ్గుతుంది, కాటాకూ కాటాకూ కూడా తేడా ఉంటుంది. ఈ మాట చెప్పుకోవడానికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ పార్టీ ఎత్తలేదు. బ్రోకర్ ద్వారా వెళ్లిన లోడులో ఇదే తగువు వచ్చినప్పుడు ఆయన ఫ్యాక్టరీతో మాట్లాడి, సగానికి ఒప్పించి, రెండు వారాలలో బాకీ పంపించాడు. ఆయనకు రేపు కూడా అదే ఫ్యాక్టరీ లోడు కావాలి, నా బండీ కావాలి. నేనిచ్చే వెయ్యి రూపాయల కమీషన్ ఆ పూచీకే ఇస్తున్నాననుకుంటాను. మరో మాట, గేటు పాసుకనో డిపాజిట్టుకనో ముందుగా మననే డబ్బు పంపమని అడిగేవాడు ఎవడైనా సరే, వాడి దగ్గర లోడు లేదని తెలుసుకోవాలి. లోడు ఇచ్చేవాడు అడ్వాన్సు ఇస్తాడు గాని తీసుకోడు.

కొబ్బరి బండికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. కాయలు దించాక డాలా చెక్కల సందుల్లో పీచు ఇరుక్కుని ఉంటుంది, పగిలిన కాయల నీళ్లు చెక్కలలోకి ఇంకి ఉంటాయి. లాతూర్ గేటు దగ్గర సూపర్‌వైజరు బండి ఎక్కి, మూల చెక్క మీద అరచేయి ఆనించి చూస్తాడు. తడి తగిలిందా, బండిని వెనక్కి పంపుతాడు, ఎందుకంటే డీవోసీ బస్తాకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఇలా ఒక రోజు పోయిన తరువాత, షోలాపూర్‌లోనే చీపురుతో ఊడ్చి, పట్టా తీసి, లాతూర్ చేరేదాకా డాలాను ఎండనిస్తున్నాము. చెక్కల మీద పరవడానికి పొడి పట్టా వేరుగా ఉంచుకుంటాము. వానాకాలంలో ఇది కుదరదు, అప్పుడు బియ్యం, మేత వంటి సరుకులు వదిలి, కొంచెం తడి తగిలినా పాడవని సరుకుకే ఒప్పుకుంటాను.

సరుకు వెంట ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం, ఈ-వే బిల్లు కూడా బండి కదిలే ముందు చూసుకోవాలి. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు, కనుక 700 కిలోమీటర్లకు నాలుగు రోజులు వస్తుంది. యాప్‌లో వేరే బండికి ఖరారై, తరువాత మనకు మారిన లోడు బిల్లులో పాత బండి నంబరే ఉండిపోవడం నేను రెండుసార్లు చూశాను.

రోజుకు 3,500 అనే లెక్క కూడా అన్ని నెలల్లో ఒకటి కాదు. దసరా ముందు అంబాజీపేటలో కాయ ఎత్తడానికి బండి దొరకదు. ఆ రోజుల్లో ఇక్కడ ఒక రోజు ఆలస్యమైతే పోయేది కిస్తీ మాత్రమే కాదు, ఒక పూర్తి ట్రిప్పు ఆదాయంలో భాగం కూడా. అప్పుడు లాతూర్‌లో లోడు ఉన్నా వదిలేసి, షోలాపూర్ నుంచి ఖాళీగానే రమ్మని చెబుతాను. మండీ మందగించిన రోజుల్లో బండి ఇంటి దగ్గరైనా ఊరికే నిలబడి ఉంటుంది కనుక లాతూర్‌లో నాలుగో రోజు కూడా ఆగమంటాను.