పేస్టు మార్చిన ఐదు నెలలకే మళ్లీ మొదటికి: ఆరేళ్ల గేమింగ్ ల్యాప్‌టాప్‌తో నా అనుభవం

2023 నవంబరులో ఈ ల్యాప్‌టాప్‌లో చిప్ వేడిని రాగి హీట్‌సింక్‌కు చేరవేసే పేస్టు మార్పించి, దుమ్ము తీయించి ఇంటికి తెచ్చుకున్న రాత్రి నేను పొందిన ఆనందం, దానిని కొత్తగా కొన్న రోజున కూడా పొందలేదు. ఆ వారంలో అడిగినవారికీ అడగనివారికీ తొమ్మిది వందల రూపాయలతో యంత్రం మళ్లీ కొత్తదైందని చెప్పాను. ఇప్పుడు ఆ మాటలో సగం వెనక్కి తీసుకోవలసి వస్తోంది. తక్కిన సగం మాత్రం నిజమే కనుక రెండింటినీ విడదీసి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

2019 చివరలో కొన్న ఈ యంత్రంలో i7-9750H ప్రాసెసరు, 6 జీబీ మెమరీ గల GTX 1660 Ti గ్రాఫిక్స్ చిప్ ఉన్నాయి. మా ఇల్లు విశాఖ పాతనగరంలో, పోర్టుకు దగ్గరగా ఉంటుంది. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి నల్లటి పొడి చేతికి అంటుతుంది. సముద్రపు తేమ తోడైతే ఆ పొడి పొడిగా ఉండదు, పల్చటి దుప్పటి ముక్కలా అట్టకట్టి, ఫ్యాన్‌కూ రాగి రేకులకూ నడుమ సరిగ్గా కంటికి కనపడని చోట కూర్చుంటుంది. నాలుగేళ్ల పాటు దానిని నేను బయటి నుంచి బ్లోయరుతో కొడుతూ వచ్చాను. అలా కొట్టినప్పుడు అట్ట బయటకు రాదనీ, వెనక్కి జరిగి ఫ్యాన్ రెక్కల వైపు చేరుతుందనీ, ఎదురుగాలికి ఫ్యాన్ ఇష్టం వచ్చినంత వేగంగా తిరిగి బేరింగు అరుగుతుందనీ నాకు మూత తీసి చూసే వరకు తెలియదు.

2023 సెప్టెంబరు నాటికి పరిస్థితి ఎంత దిగజారిందో అంకెల్లో చెబుతాను. ప్రాసెసరు వేగాన్ని కొలిచే సినీబెంచ్ R23 పరీక్షను పది నిమిషాలు నడిపితే ప్రాసెసరు 97 డిగ్రీల దగ్గర అతుక్కుపోయేది. లోపలి వేడినీ వాట్లనూ చూపే HWiNFOలో `Core Thermal Throttling` ఎదురుగా `Yes` అని పడేది, అంటే వేడికి ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటోందని. 45 వాట్లు వాడుకోవలసిన ప్రాసెసరు 33 వాట్ల దగ్గరే ఆగి, 2.5 గిగాహెర్ట్జ్ వేగంతో కుంటుతూ నడిచేది. యంత్రానికి ఏడాది వయసున్నప్పుడు నేను రాసిపెట్టుకున్న స్కోరు సుమారు 6,250. అది 5,000కు పడిపోయింది. ద్వారకానగర్‌లోని ఒక రిపేరు దుకాణంలో ఇచ్చి తెచ్చుకున్నాక అదే పరీక్షలో 45 వాట్లు, 82 డిగ్రీలు, 3.1 గిగాహెర్ట్జ్, 6,200 కనిపించాయి. "ఇంక మూడేళ్లు మూత తీయక్కర్లేదు సార్" అన్నాడు ఆ దుకాణం కుర్రాడు. నేను నమ్మాను.

ఏప్రిల్ వచ్చేసరికి మళ్లీ 97, మళ్లీ `Yes`. వాట్లు 41కి దిగాయి. దుకాణానికి వెళితే ఆ కుర్రాడు తడుముకోకుండా, "వేసవి కదా సార్, అందరివీ ఇలాగే వేడెక్కుతున్నాయి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే ఆ జవాబులో సగం నిజం ఉందని తేలింది. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పైకి పోతుంది. సెప్టెంబరులో నా గది 31 డిగ్రీలు, నవంబరు రాత్రి 25, ఏప్రిల్‌లో 33. అంటే నవంబరులో నేను సంబరపడిన ఆ 82లో ఆరు డిగ్రీల ఘనత చలికాలానిదే తప్ప పేస్టుది కాదు. విశాఖలో మే నెలలో ఒకసారీ డిసెంబరులో ఒకసారీ కొలిచి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టేవారిని చూస్తే ఇప్పుడు నాకు నా సంగతే గుర్తుకు వస్తుంది.

అందుకని చిప్ వేడి నుంచి గది వేడి తీసివేసి, మిగిలినదానిని వాట్లతో భాగించడం మొదలుపెట్టాను. ఒక్కొక్క వాట్‌కు చిప్ గదికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోందన్నదే ఆ అంకె, ఋతువు మారినా అది పెద్దగా మారదు. సెప్టెంబరులో (97 − 31) / 33, అంటే 2.0. నవంబరులో (82 − 25) / 45, అంటే 1.27. ఏప్రిల్‌లో (97 − 33) / 41, అంటే 1.56. వేసవిని లెక్కలోంచి తీసేసినా, ఐదు నెలల్లో పొందిన లాభంలో రమారమి నలభై శాతం కరిగిపోయిందన్నమాట. ఇది ఎండ చేసిన పని కాదు.

ఎవరు చేసిన పనో తేల్చుకోవడానికి మే నెల మొదటి ఆదివారం నేనే మూత తీశాను. దుకాణంలో దుమ్మూ పేస్టూ ఒకేసారి చూశారు కనుక ఏది ఎంత మేలు చేసిందో అప్పట్లో తెలిసే వీలు లేకపోయింది. ఈసారి మొదట బ్యాటరీ తీగ ఊడదీసి, ఫ్యాన్‌లు విప్పి, రేకుల మీది అట్టను పళ్లు తోమే పాత బ్రష్‌తో తీసి, పేస్టు జోలికి పోకుండా బిగించి మళ్లీ కొలిచాను. వాట్లు 41 నుంచి 44కు పెరిగాయి, అంకె 1.45కు దిగింది. ఐదు నెలల దుమ్ము వాటా అంతే.

మిగతా వాటా హీట్‌సింక్ ఎత్తగానే కంటికే కనిపించింది. చిప్ నడిమధ్య అద్దంలా మెరుస్తోంది, పేస్టంతా అంచుల చుట్టూ గట్టులా చేరి ఉంది. ల్యాప్‌టాప్‌లో చిప్‌కు పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ మీదే హీట్‌సింక్ నేరుగా కూర్చుంటుంది. ఆట మొదలైనప్పుడల్లా రెండూ వేడెక్కి వేర్వేరు కొలతల్లో వ్యాకోచిస్తాయి, ఆపగానే సంకోచిస్తాయి. ఈ కదలికకు పల్చటి పేస్టు కొంచెం కొంచెంగా పక్కలకు జారిపోతుంది. పేస్టు ఎండిపోయిందని అందరూ అంటారు గాని నాది ఎండనే లేదు, వేలికి తడిగా అంటింది. ఉండవలసిన చోట లేదు, అంతే. డెస్క్‌టాప్‌లో ఏళ్లు నిలిచే పేస్టు ఇక్కడ నెలల్లో ఓడిపోవడానికి కారణం ఇదే. నా కోపం కుర్రాడి మీద నుంచి అతడు వాడిన పేస్టు రకం మీదికి మళ్లింది. పేస్టు వేయడంలో అతడు తప్పు చేయలేదు, ఆ చోటికి పనికిరానిది వేశాడు.

దాని బదులు నేను PTM7950 అనే రేకును తెప్పించాను. పావు మిల్లీమీటరు మందం గల ఈ రేకు మామూలు గది వేడిలో గట్టిగా ఉండి, 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి సందుల్లోకి పాకుతుంది. చిక్కగా ఉండటంవల్ల పేస్టులాగా పక్కలకు జారిపోదు. అతికించడం కొంత ఓపిక పని. రెండు వైపులా ఉండే పొరలు చిరగకుండా ఊడాలంటే పావుగంట ఫ్రీజర్‌లో ఉంచాలి. మన ఊరి తేమకు బయటకు తీయగానే దాని మీద చెమ్మ పడుతుంది కనుక, మూసిన కవరులోనే చల్లబరచి, తీసిన వెంటనే అతికించాను. చిప్ కొలతకు కత్తిరించి, హీట్‌సింక్ స్క్రూలను వాటి పక్కన ముద్రించిన అంకెల వరుసలో, ఒక్కొక్కటి సగం సగం చుట్టు చొప్పున బిగించాను. మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్‌లను కదపలేదు. అవి చిరిగితే అదే మందంవి వేయాలి, అర మిల్లీమీటరు లావైనా హీట్‌సింక్ చిప్ మీద ఆనకుండా తేలిపోతుంది.

రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక కొలిస్తే, 33 డిగ్రీల గదిలో 45 వాట్లకు 86 డిగ్రీలు. అంకె 1.18. ఏడాది తరువాత 2025 మేలో, దుమ్ము తీశాక, 34 డిగ్రీల గదిలో 88. అంకె 1.2. మొదటిసారి పొందిన ఆనందంలో పావు వంతు కూడా ఈసారి లేదు గాని, ఫలితం మాత్రం నిలిచింది.

కూలింగ్ ప్యాడ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బల్ల మీద నేరుగా ఆనించి ఉన్నప్పుడు 86 చూపిన యంత్రం, వెనుక అంచు కింద రెండు నీళ్ల సీసా మూతలు పెడితే 83 చూపింది. పదహారు వందలు పోసి కొన్న ప్యాడ్ మీద, దాని ఫ్యాన్‌లు పూర్తి వేగంతో మోగుతుండగా, 82 చూపింది. నా యంత్రం గాలి పీల్చే జల్లెడలు రెండు మూలల్లో ఉంటే, ప్యాడ్ ఫ్యాన్ నడిమధ్య ప్లాస్టిక్ మీద ఊదుతోంది మరి. జల్లెడలు ప్యాడ్ ఫ్యాన్‌లకు సరిగ్గా ఎదురుగా ఉన్నవారికి ఇంతకంటే మేలు జరగవచ్చు. మాకు మాత్రం అది ఇప్పుడు మా అబ్బాయి పుస్తకం ఆనించుకునే బల్లగా పనికి వస్తోంది.

ఇంతా చేసి తిరిగి వచ్చింది పోగొట్టుకున్నదే. 6,250 నాటి యంత్రం 6,200 దగ్గరికి వచ్చింది, 6,300 ఎన్నడూ కాలేదు. HWiNFOలో థ్రాట్లింగ్ `No` అయి, వాట్లు 45 దగ్గర నిలకడగా నిలిచాయంటే, ఇక అడ్డు వేడి కాదు, తయారీదారు పెట్టిన విద్యుత్తు హద్దు. ఆ తరువాత ఎంత మంచి పేస్టు వేసినా, ఎన్ని ఫ్యాన్‌లు పెట్టినా వేగం పెరగదు, డిగ్రీలు మాత్రం తగ్గుతాయి. నేను రోజూ ఆడే పాత రేసింగ్ ఆటలో రద్దీ మలుపుల దగ్గర సెకనుకు 38 ఫ్రేములకు పడిపోయేది ఇప్పుడు 58 దగ్గర నిలుస్తోంది, దానికి నేను రుణపడి ఉన్నాను. కానీ కిందటేడు కొన్న ఒక ఆటలో గ్రాఫిక్స్ చిప్ 70 డిగ్రీలే ఉండగా బొమ్మ ఆగి ఆగి కదిలింది. 6 జీబీ మెమరీ నిండిపోవడమే అక్కడి జబ్బు. కాంతి కిరణాల దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేరు నా చిప్‌లో లేదు, దానిని తప్పనిసరి చేసిన ఆటలైతే తెరుచుకోనే లేదు.

వీటన్నిటికీ, ప్యాడ్ కలుపుకొని, నాకు మూడు వేల మూడు వందలు ఖర్చయింది, రెండేళ్లు గడిచాయి. రాత్రి రెండు గంటలు ఆడే నాకు, ఇంటి అప్పు వాయిదాలు ఇంకా నడుస్తున్న స్థితిలో, ఇది మంచి బేరమే. కొత్త ఆటలే ఆడాలనుకునేవారికి, లేదా మొదటి పరీక్షలోనే థ్రాట్లింగ్ `No` అని చూపే యంత్రం ఉన్నవారికి, ఇదే మాట చెప్పడానికి నాకు నోరు రాదు.

కిందటి నెల నుంచి ఎడమ ఫ్యాన్ పొద్దున్నే మొదటి నిమిషం గరగరమంటోంది, బహుశా నా బ్లోయరు పుణ్యమే. ఒక్క ఫ్యాన్‌కైతే మళ్లీ మూత తీస్తాను. దానితో పాటు ఇంకేదైనా అడిగితే మాత్రం తీయకపోవచ్చు.