ఆర్డర్ మధ్యలో పడ్డాక మీ ప్రమాద బీమా నాకు ఎంతవరకు పనికొచ్చింది

హైదరాబాద్‌లో మీ ఫుడ్ డెలివరీ కంపెనీ ఐడీ మీద కొన్నేళ్లుగా డెలివరీ చేస్తున్నాను. రేట్ కార్డు గురించి, ఇన్సెంటివ్ గురించి మీకు ఇప్పటికే చాలా రాశాను, వాటి జోలికి ఇప్పుడు పోను. ప్రొఫైల్ పేజీలో అడుగున బీమా అని ఒక వరుస ఉంటుంది. మా రైడర్లలో చాలామంది దాన్ని ఎప్పుడూ తెరిచి చూడరు. పోయిన వానాకాలంలో నేను తెరవాల్సి వచ్చింది. ఈ సమీక్ష ఆ ఒక్క వరుస గురించే.

టోలిచౌకిలో బిర్యానీ పార్సిల్ తీసుకుని మణికొండ వైపు పోతున్నాను. షేక్‌పేట దాటాక కేబుల్ కోసం రోడ్డు తవ్వి మట్టితో పూడ్చిన చోట బండి ముందు చక్రం జారింది. ఎడమ చెయ్యి నేలకు ఆనించి పడ్డాను. ఎస్‌ఓఎస్ నొక్కాను. మీవాళ్లు వెంటనే ఫోన్ చేశారు, దానికి మాత్రం మెచ్చుకోవాలి. ఫోన్ చేసినమ్మాయి ముందు దెబ్బ గురించే అడిగింది, పార్సిల్ గురించి ఆ తర్వాతే అడిగింది. ఆర్డర్‌ను ఇంకొకరికి మారుస్తామంది.

పార్సిల్ తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు నన్ను పాన్ డబ్బా ముందు కూర్చోబెట్టి, ఆటో పిలిచాడు. నా ఫోన్ తీసుకుని, "భాయ్, స్క్రీన్‌షాట్ తీశావా? ఆర్డర్ మారాక నీ దగ్గర ఏమీ కనపడదు" అన్నాడు. అప్పటికి ఆర్డర్ ఇంకా నా తెర మీదే ఉంది. ఆర్డర్ నంబరు, మ్యాపు, టైము అన్నీ కనపడేలా వాడే తీసి పెట్టాడు. నాకు ఆ రాత్రి దొరికిన సాయాల్లో అన్నింటికంటే ఎక్కువ విలువ చేసింది అదే.

ఎందుకో చెబుతాను. మీ పాలసీ ప్రకారం ఆర్డర్ ఒప్పుకున్నప్పటి నుంచి కస్టమర్‌కు ఇచ్చేదాకా బీమా ఉంటుంది. నేను ఎస్‌ఓఎస్ నొక్కింది 9.12కి. మీవాళ్లు ఆర్డర్‌ను మార్చింది 9.19కి. ఆస్పత్రిలో ఓపీ చీటీ మీద పడిన టైము 9.50. క్లెయిమ్ చూసినవాళ్లు ప్రమాదం జరిగిన టైముగా ఆ చీటీ మీది టైమునే పట్టుకున్నారు. 9.50కి నా పేరు మీద ఆర్డర్ లేదు కాబట్టి క్లెయిమ్ తిరస్కరించామని మెసేజ్ పంపారు. నేను యాప్‌లో హిస్టరీ తెరిస్తే ఆ ఆర్డరే లేదు, కుర్రాడు చెప్పినట్టే. స్క్రీన్‌షాటు, మీ నంబరు నుంచి వచ్చిన కాల్ రికార్డు జతచేసి మళ్లీ పంపాకే ఒప్పుకున్నారు. ఎస్‌ఓఎస్ ఎక్కడ, ఎన్ని గంటలకు నొక్కానో మీ సర్వర్‌లోనే ఉంటుంది. విరిగిన చేత్తో నేను దానికి రుజువు వెతుక్కోవాలా?

ఇక ఆస్పత్రి ఖర్చు. యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనపడేది లక్ష రూపాయల ఆస్పత్రి కవర్. దాని కింద చిన్న అక్షరాల్లో, కనీసం 24 గంటలు అడ్మిట్ అయి ఉండాలని రాసి ఉంటుంది. నాకు మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరిగింది. చెయ్యి ఆనించి పడితే ఎక్కువగా విరిగేది అక్కడే అని డాక్టర్ చెప్పారు. ఎక్స్‌రే తీసి, మత్తు సూది ఇచ్చి ఎముక సరిచేసి, కట్టు వేసి అదే రాత్రి ఇంటికి పంపించేశారు. అడ్మిషన్ లేదు కాబట్టి ఆ లక్ష నాకు వర్తించలేదు. ఓపీ ఖర్చు అని వేరే గడి ఉంది, దాని పరిమితి 5,000. ఎక్స్‌రే, కట్టు, మందుల డబ్బు చాలావరకు అందులో వచ్చాయి. కాబట్టి బిల్లుల విషయంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

నిజమైన నష్టం బిల్లుల్లో లేదు. ఎడమ చేతికి కట్టు ఉంటే క్లచ్ పట్టలేం. కట్టు తీయడానికే ఆరు వారాలు పట్టింది, వేళ్లకు పట్టు రావడానికి ఇంకొంత కాలం. మామూలుగా పడ్డ రైడర్‌కు ఆస్పత్రి ఖర్చు తక్కువ, పోయే సంపాదన ఎక్కువ. మీ పాలసీ దీనికి తలకిందులుగా తయారైంది. పని చేయలేని రోజులకు వారానికి ఇంత అని ఇచ్చే కవర్ ఒకటి ఉందని నేను హెల్ప్‌లైన్‌లో గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పారు. దానికి మొదటి వారం లెక్కలోకి రాదు. మిగతా వారాలకు వచ్చింది నా మామూలు వారపు సంపాదనలో నాలుగో వంతు కూడా కాదు.

ఆ కాస్తకు కూడా ఒక మాట అడ్డం పడింది. డాక్టర్ చీటీలో "ఆరు వారాలు విశ్రాంతి" అని ఉంది. అది చెల్లదట, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పని చేయలేడు అని రాసి ఉండాలట. మళ్లీ ఆస్పత్రికి పోయి రాయించుకొచ్చాను. పనిలోకి దిగేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా అడిగారు, అది లేకుండా చివరి వారాల డబ్బు వదలలేదు. ఇది చదివే రైడర్లు మొదటి రోజే డాక్టర్‌ను తేదీలతో రాయమని అడగండి, ఆయనకు అర నిమిషం పని.

ఫారంలో ఎఫ్‌ఐఆర్ కాపీ పెట్టే గడికి ఎర్ర చుక్క ఉంది, అంటే తప్పనిసరి. నన్ను ఏ బండీ గుద్దలేదు, నాకై నేనే జారి పడ్డాను. స్టేషన్‌లో ఎవరి మీద కేసు రాస్తారు? ఆస్పత్రిలో ప్రమాదం కేసుగా రాసుకుని ఎంఎల్‌సీ నంబరు ఇచ్చారు, అది చాలని హెల్ప్‌లైన్‌లో అన్నారు కానీ ఫారం ఒప్పుకోదు. చివరికి ఎంఎల్‌సీ కాగితాన్నే ఆ గడిలో పెట్టాను. పాసైంది.

అన్నింటికంటే కోపం వచ్చింది దీని తర్వాత. మీ బీమా యాక్టివ్‌గా ఉండాలంటే అంతకుముందు వారం డెలివరీలు చేసి ఉండాలి. కట్టుతో ఇంట్లో ఉన్నవాడు డెలివరీలు ఎలా చేస్తాడు? రెండో వారానికి యాప్‌లో బీమా యాక్టివ్ కాదు అని వచ్చింది, దాంతోపాటు బిల్లులు అప్‌లోడ్ చేసే బటన్ కూడా మాయమైంది. ప్రమాదం జరిగిన రోజు యాక్టివ్‌గా ఉంటే చాలు, క్లెయిమ్ పోదని మీవాళ్లే అన్నారు. మరి బటన్ ఎందుకు తీసేశారంటే జవాబు లేదు. ఫిజియోథెరపీ బిల్లులు మెయిల్‌లో పంపాను.

సొంత బండి ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండే తోటి రైడర్లకు ఒక మాట. బండి పాలసీలో ఓనర్-డ్రైవర్‌కు ఉండే 15 లక్షల కవర్ ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఇచ్చేదే, విరిగిన మణికట్టుకు పైసా రాదు. 2023 చివర్లో మన రాష్ట్ర ప్రభుత్వం గిగ్ వర్కర్లకు ప్రకటించిన 5 లక్షలు కూడా ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి ఇచ్చేవి. బతికి, ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నవాడికి మిగిలేది కంపెనీ ఇచ్చే వారపు డబ్బే.

ఐదుకు రెండు స్టార్లు ఇస్తున్నాను. ఆ రెండూ ఎస్‌ఓఎస్ ఫోన్‌కు, ఓపీ డబ్బు ఇచ్చినందుకు. మూడోది కావాలంటే ఎస్‌ఓఎస్ నొక్కిన టైమునే ప్రమాదం టైముగా తీసుకోండి, ఆర్డర్ మారినా నా హిస్టరీలో ఉంచండి, క్లెయిమ్ నడుస్తున్నంత కాలం అప్‌లోడ్ బటన్ తీయకండి. ఫిజియోథెరపీ టికెట్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఆ రాత్రి టోలిచౌకి నుంచి షేక్‌పేట దాకా బండి నడిపిన దూరానికి డబ్బులు కూడా రాలేదు, దానికి వేరే టికెట్ పెట్టాను.