ఆరేళ్లు వాడిన రెండు స్టీలు సింకులు: అంచు దాచే మందం కాటా మీద తెలుస్తుంది

చెన్నై ఓఎంఆర్ వైపు ఫ్లాటులో లారీ నీళ్లు, బోరు నీళ్లు కలిపి ఆరేళ్లు చూసిన రెండు సింకుల మీద ఈ సమీక్ష. వంటింట్లోది 24×18 అంగుళాల హ్యాండ్‌మేడ్ సింకు. 304 గ్రేడు, 1 మి.మీ. రేకు, మ్యాట్ ఫినిష్, 9 అంగుళాల లోతు, గ్రానైట్ కింద బిగించింది. వెనక సర్వీస్ ఏరియాలోది అచ్చులో నొక్కి తీసిన గ్లాసీ సింకు. పలుచటి రేకు, 8 అంగుళాల లోతు, బిల్లులో గ్రేడు మాటే లేదు. పని రెండిటికీ ఒకటే: కుక్కర్లు, ఇడ్లీ పాత్రలు, మాడిన మూకుళ్లు.

ముందు మందం సంగతి. షాపులో సింకు అంచు పట్టుకుంటే మూడు, నాలుగు మిల్లీమీటర్ల పలకలా గట్టిగా తగులుతుంది. అది చాలావరకు మడత, లేదంటే పైన అతికించిన పట్టీ. తొట్టి రేకు వేరు. అసలు మందం కనిపించేది నీళ్లు పోయే రంధ్రం దగ్గర, అక్కడ రేకు ఒంటి పొరగా ఉంటుంది. వెర్నియర్ కాలిపర్ అక్కడే పెట్టాలి. రంధ్రం అంచు కూడా లోపలికి వంచి ఉంటే ఆ కొలతను నమ్మలేం. అప్పుడు కాటాయే దిక్కు.

లెక్క తేలికే. 100 చదరపు అంగుళాల స్టీలు రేకు 1 మి.మీ. మందంలో సుమారు అర కిలో తూగుతుంది. 24×18 సింకుకు లోపలి తొట్టి 22×16, లోతు 9 అనుకోండి. అడుగు 352, నాలుగు గోడలు కలిపి 684, పై అంచు 80, కిందికి వంచిన అంగుళం మడత 84. మొత్తం 1200 చదరపు అంగుళాలు. అంటే 1 మి.మీ. రేకైతే ఉత్త సింకు 6.1 కిలోలు ఉండాలి. 0.8 మి.మీ. అయితే 4.9, 1.2 అయితే 7.4. జాలీ, రంధ్రం కింద బిగించే కప్లింగ్, పైపులు తీసేసి తూచాలి. అడుగున అతికించిన రబ్బరు ప్యాడ్లు, పూత కూడా కొంత బరువు కలుపుతాయి కాబట్టి 1 మి.మీ. సింకు ఆరుంపావుకు పైనే తూగాలి. ప్యాడ్లతో కలిపి 5.2 చూపిస్తే లేబుల్ మీద ఏం రాసినా అది 0.8 రేకే. మందానికి షాపులో చెప్పే గేజ్ సంఖ్యలతో గొడవ పడకుండా మిల్లీమీటర్లలోనే అడగండి.

అచ్చు సింకులో ఈ బరువు సగటు మందాన్నే చెబుతుంది. రేకును లాగి తొట్టి చేస్తారు గనుక అడుగు మూలల్లో అది సాగి పలుచబడుతుంది. సర్వీస్ ఏరియా సింకులో సొట్టలు పడ్డవి సరిగ్గా అక్కడే. హ్యాండ్‌మేడ్‌లో రేకును మడిచి మూలలు వెల్డింగ్ చేస్తారు, మందం అంతటా ఒకటే. దాని బలహీనత వేరు: వెల్డింగ్‌ను మరీ ఎక్కువ సాన పట్టినా, సరిగా పట్టకపోయినా అతుకు దగ్గరే ముందు మరకలు మొదలవుతాయి. పైనున్న ప్లాస్టిక్ పొరను మూల దగ్గర కొంచెం ఎత్తించి, అతుకు వెంట గోరు గీసి చూడాలి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు.

1 మి.మీ. మాకు సరిపోయింది. నిండు కుక్కర్ దించినా అడుగు ఊగలేదు. 1.2కు ఇంకా డబ్బు పెట్టే బదులు ఆ శ్రద్ధ గ్రేడు మీద పెడితే మంచిది, ఉప్పు నీళ్లున్న ఊళ్లో మరీను. 304లో నికెల్ కనీసం 8 శాతం ఉంటుంది. 202లో అందులో కొంత నికెల్ తగ్గించి మాంగనీస్ వేస్తారు, చవక. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. బరువూ దాదాపు అంతే, కాబట్టి కాటా గ్రేడు చెప్పదు. అయస్కాంతమూ చెప్పదు. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు, పైగా మంచి 304 కూడా వంచిన మూలల్లో కాస్త లాగుతుంది. స్టీలు వ్యాపారుల దగ్గర చిన్న సీసాలో పరీక్ష ద్రావణం ఉంటుంది. ఒక చుక్క వేసి 9 వోల్టుల బ్యాటరీ తాకిస్తారు, ఎర్రబడితే మాంగనీస్ ఎక్కువున్న రేకు అన్నట్టు. అడుగు వైపు, కనబడని చోట వేయించండి. చేయనంటే బిల్లులో “304, 1 మి.మీ.” అని రాసివ్వమనండి. రాయడానికి వెనకాడితే విషయం అర్థమైనట్టే.

తుప్పు మచ్చలన్నీ సింకు తప్పు కావు. ఇనుప పీచు ముక్కలు తడిలో ఉండిపోతే ఎర్రటి చుక్కలు పడతాయి. వంట సోడా ముద్దతో రుద్దితే పోయి, కింద నున్నగా ఉంటే అది పీచు తుప్పు. మచ్చ పోయినా సూది మొనంత గుంట మిగిలితే రేకే తినేసింది. సర్వీస్ ఏరియా సింకులో కప్లింగ్ చుట్టూ అలాంటి గుంటలు మూడో ఏడే వచ్చాయి. బ్లీచింగ్, బాత్రూం కడిగే ఆసిడ్ అక్కడ ఒలికేవి, ఆ పాపంలో కొంత వాటిది. 304కైనా ఆసిడ్ పడదు.

ఫినిష్ గురించి పెద్దగా లేదు. గ్లాసీ సింకు మెరుపు నెలలోనే గీతల పాలైంది. మ్యాట్‌లో గీతలు బ్రష్ చారల్లో కలిసిపోతాయి, చారల వెంట తోమితే. అడ్డంగా తోమితే ఎప్పటికీ కనబడతాయి. కానీ ఉప్పు నీళ్ల తెల్లపొర మ్యాట్ మీదే ఎక్కువ పట్టుకుంటుంది. రాత్రి పొడిగుడ్డతో తుడవాలి, పేరుకుంటే నిమ్మచెక్క రుద్ది పది నిమిషాలాగి కడగాలి. ఈ ఓపిక లేని ఇంట్లో మ్యాట్ ఆర్నెల్లకే బూడిద రాసినట్టుంటుంది.

లోతు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. 10 అంగుళాల తొట్టిలో నీళ్లు చిందవు, నిజమే. గట్టు ఎత్తు 34 అంగుళాలు, గ్రానైట్ ముప్పావు అంగుళం అనుకుంటే, 9 అంగుళాల సింకు అడుగు నేల నుంచి 24.25 అంగుళాల ఎత్తులో వస్తుంది, 10 అయితే 23.25లో. రోజూ అంట్లు తోమే మనిషి నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే వేళ్ల కొసలు ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో చూడండి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి దాదాపు 23.5 ఉంటుంది. సింకు అడుగు అంతకంటే కిందికి పోతే ప్రతి గరిటెకూ నడుం వంగాలి.

గోడలోని పైపు కూడా లోతును నిర్ణయిస్తుంది. కప్లింగ్ సుమారు 4 అంగుళాలు కిందికి దిగుతుంది. అంటే 9 అంగుళాల సింకుకు నీళ్లు కింది వంపు పైపు, అదే ట్రాప్‌లో పడేది 20.25 దగ్గర, 10కి 19.25 దగ్గర. గోడ రంధ్రం 20 అంగుళాల్లో ఉంటే 10 అంగుళాల సింకు నీళ్లు ఎక్కాల్సి వస్తుంది, కప్లింగ్‌లో ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి. 9కి కూడా అక్కడ వాలు చాలదు, రంధ్రం 18కి దించాలి. ప్లంబర్ దీన్ని గ్రానైట్ కోశాక చెబుతాడు, అప్పటికి ఆలస్యం. కొనకముందే కొలవండి.

షాపు వదిలే ముందు ఇంకో రెండు పనులు. సింకును సమంగా ఉన్న బల్ల మీద బోర్లించి నాలుగు మూలలూ నొక్కాలి, టకటక ఊగితే అంచు మెలి తిరిగింది, సిలికాన్ ఎంత పూసినా ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. తర్వాత దాన్ని తిప్పి, అంచు మీద రసమట్టం పెట్టి సమంగా నిలిపి, ప్రతి మూలలో గ్లాసు నీళ్లు పోయాలి, అవన్నీ రంధ్రం వైపు జారిపోవాలి. హ్యాండ్‌మేడ్ సింకుల అడుగు చదునుగా ఉంటుంది, వాలు ఇచ్చేది మూలల నుంచి రంధ్రం వైపు గీసిన నొక్కులే. మా వంటింటి సింకులో కుడి వెనక మూల నీళ్లు చెంచాడు ఇప్పటికీ నిలుస్తాయి, తెల్ల మరక ముందు పట్టేదీ అక్కడే.