విని జవాబు రాసే పరీక్ష: ఏకబిగిన వినిపించాలా, ఆపి ఆపి వినిపించాలా?

మహబూబ్‌నగర్‌లో ఉర్దూ మాధ్యమంలో ఎనిమిదో తరగతి చదువుతూ తెలుగును రెండో భాషగా నేర్చుకునే పిల్లలకు, ఒక ప్రకటన వినిపించి అయిదు ప్రశ్నలు ఇవ్వాలనుకుందాం. ప్రశ్నలు రికార్డింగు నడిచే వరుసలోనే ఉండాలన్నదానిలో పేచీ లేదు. వరుస తప్పితే పరీక్ష వినడం మీద కాక జ్ఞాపకం మీదికి, కాగితంలో వెతుకులాట మీదికి పోతుంది. ఆ వరుసను పిల్లవాడికి ఎలా తెలియజేయాలన్నదే తేల్చుకోవలసిన విషయం. మొత్తం పాఠాన్ని ఏకబిగిన రెండుసార్లు వినిపించడం ఒక పద్ధతి, ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్క తర్వాత విరామం ఇవ్వడం రెండో పద్ధతి.

ప్రధానోపాధ్యాయుడి ప్రకటనగా రాసిన ఈ పాఠాన్ని చూడండి.

"పిల్లలూ, వచ్చే శనివారం మనమంతా పిల్లలమర్రికి వెళ్తున్నాం. ముందు ఎనిమిదిన్నరకే బయలుదేరాలనుకున్నాం, కానీ బస్సు తొమ్మిదికి గానీ రాదట. కాబట్టి తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండండి, ఆలస్యమైతే బస్సు ఆగదు. ఇక తిండి సంగతి. అన్నం బడి నుంచే తెస్తాం, నీళ్ల సీసా మాత్రం మీరే తెచ్చుకోవాలి. డబ్బుల విషయానికొస్తే…"

ఏకబిగిన వినిపించే పద్ధతిలో "ఇక తిండి సంగతి", "డబ్బుల విషయానికొస్తే" వంటి మాటలే దారి చూపాలి. అవి లేకుండా పాఠం రాస్తే, రెండో ప్రశ్నకు జవాబు చేజారిన పిల్లవాడు దానికోసమే చెవులు రిక్కించి ఉండగా మూడు, నాలుగు ప్రశ్నల జవాబులు దాటిపోతాయి. జవాబు పత్రాల్లో 2, 3, 4 వరుసగా ఖాళీగా ఉండి 5 మాత్రం సరిగ్గా రాసినవి ఎక్కువగా కనిపిస్తే, లోపం పిల్లల్లో కంటే పాఠంలోనే ఉండే అవకాశం ఎక్కువ. జవాబుకూ జవాబుకూ మధ్య కనీసం రెండు వాక్యాల ఎడం ఉండాలి. మొదటి వాక్యంలో జవాబు ఉండకూడదు, ఎందుకంటే గొంతుకు అలవాటుపడేందుకే ఆ వాక్యం ఖర్చవుతుంది. ఈ పద్ధతి కఠినమైనదే అయినా నిజ జీవితంలో వినడానికి దగ్గరగా ఉంటుంది. బస్టాండులో మైకు మన కోసం ఆగదు కదా.

విరామాల పద్ధతిలో పిల్లవాడు దారి తప్పడు, తప్పినా తర్వాతి ముక్క దగ్గర మళ్లీ కలుసుకుంటాడు. అయితే విరామం తనంతట తానే ఒక సూచన, జవాబు ఇప్పుడే వెళ్లిందని అది చెప్పేస్తుంది. ముక్కలో ఒకే ఒక సమయం వినిపిస్తే, వాక్యం అర్థం కాని పిల్లవాడు కూడా చెవిన పడ్డ ఆ ఒక్క అంకెనే రాసి మార్కు తెచ్చుకుంటాడు. పై పాఠంలో ఎనిమిదిన్నర, తొమ్మిది రెండూ ఉన్నది అందుకే: బయలుదేరే సమయం ఎందుకు మారిందో గ్రహించినవాడే సరైనది రాయగలడు. విరామం జవాబు పలికిన వెంటనే రాకూడదన్నదీ అంతే ముఖ్యం. "ఆలస్యమైతే బస్సు ఆగదు" అనే మాట ముగిశాకే అది రావాలి.

ఏ పద్ధతిలోనైనా చేయవలసిన తనిఖీ ఒకటుంది. రికార్డింగు వినిపించకుండా ప్రశ్నలు మాత్రమే ఇచ్చి వేరే తరగతి పిల్లలతో రాయించాలి. "పిల్లలమర్రిలో ఉన్నది ఏ చెట్టు?" అన్న ప్రశ్న ఈ తనిఖీలోనే పట్టుబడుతుంది, తమ ఊరి పక్కనే ఉన్న ఆ మర్రిచెట్టు తెలిసిన పాలమూరు పిల్లలకు దానికి వినడంతో పనిలేదు.

విరామాలను ఉపాధ్యాయుడు ఫోనులో ఆపుతూ ఇస్తే ఒక సెక్షనుకు పది సెకన్లు, ఇంకో సెక్షనుకు ఇరవై దొరుకుతాయి. కాబట్టి నిశ్శబ్దాన్ని రికార్డింగులోనే చేర్చాలి. Audacity అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో Generate > Silence ద్వారా ఎన్ని సెకన్లు కావాలో అన్నీ పెట్టవచ్చు. రికార్డింగు కోసం పాఠం చదివేవారికిచ్చే ప్రతిలో కూడా అదే లెక్క ఇలా కనిపించాలి:

```
ప్రశ్నలు చదువుకోండి. [విరామం 30 సె.]
మొదటిసారి: పాఠం మొత్తం [విరామం 15 సె.]
రెండోసారి: …బస్సు ఆగదు. [విరామం 12 సె.]
ఇక తిండి సంగతి… మీరే తెచ్చుకోవాలి. [విరామం 12 సె.]
```

నా మొగ్గు ఎటువైపో ఈ ప్రతే చెబుతోంది. రెండో భాషగా నేర్చుకునే ఈ తరగతికి మొదటిసారి ఏకబిగిన, రెండోసారి విరామాలతో వినిపించడం మేలు. మొదటిసారి విషయమంతా తెలుస్తుంది, రెండోసారి రాసుకునే వ్యవధి దొరుకుతుంది, ఒక్క మాట చేజారినందువల్ల పిల్లవాడు మూడు మార్కులు పోగొట్టుకోడు. తెలుగు ఇంటి భాషగా ఉన్న తరగతికైతే విరామాలు అక్కరలేదు, రెండుసార్లూ ఏకబిగినే వినిపించవచ్చు. పిల్లల మధ్య తేడా తేల్చవలసిన ఎంపిక పరీక్షకు ఒక్కసారి వినిపిస్తే చాలు. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వినే భాగంలోని 40 ప్రశ్నలకూ రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. కానీ అక్కడ ప్రతి భాగానికీ ముందు ప్రశ్నలు చదువుకోవడానికి వ్యవధి ఇస్తారన్నది మరవకూడదు. ఏది తగ్గించినా, మొదట ఇచ్చే ఆ 30 సెకన్లను మాత్రం తగ్గించవద్దు.