ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నప్పుడు ఎల్‌డీఎల్: లెక్క కట్టిందా, కొలిచిందా, ఏది మేలు?

గుండెపోటు వచ్చాక స్టాటిన్ వాడుతున్న మనిషి రిపోర్టు ఇలా ఉందనుకోండి: మొత్తం కొలెస్ట్రాల్ 150, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 320, ఎల్‌డీఎల్ 54. డాక్టరు పెట్టిన లక్ష్యం 70 లోపు కాబట్టి మందు సరిపోయిందనిపిస్తుంది. అదే రక్తంలో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిస్తే 76 వచ్చింది. ఇప్పుడు మందు చాలడం లేదు.

ఆ 54ను ఎవరూ కొలవలేదు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్క కట్టారు:

ఎల్‌డీఎల్ = మొత్తం కొలెస్ట్రాల్ − హెచ్‌డీఎల్ − (ట్రైగ్లిజరైడ్లు ÷ 5)

అంటే 150 − 32 − 64. చివర తీసేసిన 64, రక్తంలో ట్రైగ్లిజరైడ్లను మోసుకెళ్లే వీఎల్‌డీఎల్ కణాల్లోని కొలెస్ట్రాల్‌కు అంచనా. ఆ కణాల్లో ఒక పాలు కొలెస్ట్రాల్‌కు అయిదు పాళ్లు ట్రైగ్లిజరైడ్లు ఉంటాయని సూత్రం అనుకుంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు వీఎల్‌డీఎల్ కణాలు కొవ్వుతో ఉబ్బుతాయి, కొలెస్ట్రాల్ మాత్రం ఆ మేరకు పెరగదు. కొలిచిన 76 సరైనదైతే వీఎల్‌డీఎల్‌కు మిగిలేది 42. అంటే అసలు భాగహారం 5తో కాదు, దాదాపు 7.6తో చేయాలి. సూత్రం 22 ఎక్కువ తీసేసింది, ఎల్‌డీఎల్ అంత తగ్గి కనిపించింది. ఎల్‌డీఎల్ 150 ఉన్నవారిలో ఈ తేడా పెద్దగా తెలియదు. 70 దగ్గర ఉన్నవారిలో వైద్యమే మారిపోతుంది.

అలాగని కొలిచినదంతా నిక్కమని కాదు. డైరెక్ట్ పరీక్షలో రసాయనాలు మిగతా కణాలను పక్కన పెట్టి, ఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌నే ఎంజైములతో కొలుస్తాయి. ఈ వేరుచేయడం ఒక్కో కంపెనీ కిట్‌లో ఒక్కోలా జరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగితే వీఎల్‌డీఎల్ అవశేషాలు కొన్ని లెక్కలోకి వచ్చేయవచ్చు, సీరం పాలలా తెల్లబడితే యంత్రం రీడింగే చెడవచ్చు.

ట్రైగ్లిజరైడ్లు 150 లోపుంటే మామూలు లెక్క చాలు, డైరెక్ట్‌కు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. 150 నుంచి 400 మధ్య, అందులోనూ ఎల్‌డీఎల్ తక్కువగా ఉంటే, ఫ్రీడ్‌వాల్డ్ కన్నా డైరెక్ట్ మేలు. 2020లో వచ్చిన శాంప్సన్ సూత్రం ల్యాబులో ఉంటే అదీ మంచిదే, ఈ రిపోర్టుకు అది 67 ఇస్తుంది. 400 దాటితే ఫ్రీడ్‌వాల్డ్ పనికిరాదు. శాంప్సన్ సూత్రాన్ని 800 వరకు వాడవచ్చు. అయితే ముందు 12 గంటలు ఉపవాసముండి, రెండు మూడు రోజులు మద్యం మాని, పరీక్ష మళ్లీ చేయించాలి.

రెండు అంకెలు తగవుపడినప్పుడు మేం ముందు చూసేది నాన్-హెచ్‌డీఎల్‌ను. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలు, ట్రైగ్లిజరైడ్లతో పనే లేదు. ఇక్కడ అది 118. దాని లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యం కన్నా 30 ఎక్కువ, అంటే 100 లోపుండాలి. 54 చూసి ఊరట పొందడానికి వీల్లేదని ఆ 118 చెబుతోంది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించండి. ఈసారి 54, వచ్చేసారి డైరెక్ట్‌లో 76 వస్తే, పెరిగింది కొలెస్ట్రాలో, మారింది పద్ధతో చెప్పలేం.