పోయిందా, తగ్గిందా, తగ్గి ఉండొచ్చా? రిపోర్టుకి ఏ వాక్యం మేలు

మేం పనిచేసే యాప్‌లో డబ్బు కట్టే పేజీ అప్పుడప్పుడూ ఆగిపోయేది. బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉండేది. కోడ్ మార్చకముందు 40 సార్లు ప్రయత్నిస్తే 6 సార్లు ఆగింది. మార్చాక మళ్లీ 40 సార్లు చూస్తే ఒక్కసారీ ఆగలేదు. రెండు విడతలూ ఒకే ఫోన్‌లో, ఒకే వైఫై మీద చేశాం. దీన్ని పైవాళ్లకు రెండు ముక్కల్లో రాసి పంపాలి. టీమ్‌లో ఇద్దరు చెరో డ్రాఫ్టూ ఇచ్చారు.

మొదటిది: “కొత్త మార్పుతో పేజీ ఆగిపోయే సమస్య పూర్తిగా తీరిపోయింది.”

రెండోది: “కొత్త మార్పు వల్ల కొన్ని సందర్భాల్లో సమస్య కొంతమేరకు తగ్గే అవకాశం లేకపోలేదని అనిపిస్తోంది.”

ఇద్దరి ముందూ ఉన్నవి అవే లెక్కలు. ఒకరు ఉన్నదానికంటే ఎక్కువ చెప్పారు, ఇంకొకరు ఏమీ చెప్పలేదు.

మొదటి వాక్యంలో ఇబ్బంది ‘పూర్తిగా’ అన్న మాట దగ్గరుంది. 40 సార్లలో ఒక్కసారీ ఆగలేదంటే ఇక ఎప్పుడూ ఆగదని కాదు. ఇలాంటి చోట ఒక చిన్న లెక్క పనికొస్తుంది: ఎన్నిసార్లు చూసినా ఒక్క తప్పూ దొరక్కపోతే, 3ని ఆ ప్రయత్నాల సంఖ్యతో భాగించాలి. వచ్చేది అసలు తప్పుల రేటుకి 95 శాతం నమ్మకంతో చెప్పగల పైహద్దు. 3ని 40తో భాగిస్తే 7.5 శాతం. అంటే వందకి ఏడుసార్లు ఆగే పేజీ కూడా మన 40 ప్రయత్నాల్లో చిక్కకుండా తప్పించుకుని ఉండొచ్చు. పైగా అదంతా ఒకే ఫోన్ సంగతి. వాక్యంలో ఫోన్ ఊసే లేదు కాబట్టి చదివేవాళ్లు అన్ని ఫోన్లకీ వర్తింపజేసుకుంటారు.

రెండో వాక్యంలో తప్పించుకునే దారులు లెక్కపెట్టండి. కొన్ని సందర్భాల్లో, కొంతమేరకు, అవకాశం, లేకపోలేదు, అనిపిస్తోంది. ఐదు! ఇలాంటి వాక్యం ఎదురైతే నేను అడిగే ప్రశ్న ఒకటే: రేపు ఏం జరిగితే ఇది తప్పవుతుంది? రేపు మళ్లీ 40లో 6 సార్లు ఆగినా ఇది తప్పు కాదు. తిరగేసి “తగ్గకపోయే అవకాశం కూడా లేకపోలేదు” అని రాసినా అంతే నిజం. ఒక వాక్యమూ దాని వ్యతిరేకమూ రెండూ ఒకేసారి నిజమైతే, అందులో కబురు లేనట్టే.

ఈ జాగ్రత్త వల్ల అసలు నష్టం వేరే ఉంది. మన లెక్కల్లో గట్టిగా చెప్పదగ్గ భాగం ఒకటుంది, అది కూడా కొట్టుకుపోయింది. ఆగే రేటు పాతదే, అంటే 15 శాతమే అనుకుందాం. అప్పుడు వరసగా 40 సార్లు ఆగకుండా రావడం వెయ్యికి ఒకటి రెండుసార్ల మాట (0.85ని దానితోనే 40 సార్లు గుణిస్తే 0.0015 వస్తుంది). కాబట్టి ఈ ఫోన్‌లో ‘తగ్గింది’ అనడానికి బిడియం అక్కర్లేదు. ‘పోయింది’ అనడానికే ఆధారం చాలదు. సందేహం వాక్యమంతా చల్లకుండా, అది నిజంగా ఉన్నచోటే పెట్టాలి. చివరికి పంపింది ఇది:

“మార్పు చేశాక పేజీ ఆగడం తగ్గింది: ఒక ఫోన్‌లో, ఒకే వైఫై మీద, 40 ప్రయత్నాల్లో ఇదివరకు 6 సార్లు ఆగింది, ఇప్పుడు ఒక్కసారీ ఆగలేదు. పూర్తిగా పోయిందని చెప్పడానికి ఈ పరీక్ష చాలదు. వేరే ఫోన్లలో ఇంకా చూడలేదు.”

ఇందులో ఒక్క ‘వచ్చు’ కూడా లేదు. ఇంకో సంగతి కూడా గమనించండి: మొదటి డ్రాఫ్టులో ‘మార్పుతో’ అని ఉంటే ఇక్కడ ‘మార్పు చేశాక’ అయింది. రెండు విడతలకీ మధ్య ఒక రోజు తేడా ఉంది. సర్వర్ మీద ఒత్తిడి మొదటి విడత రోజు ఎక్కువగా ఉందేమో మేం చూడలేదు. ‘మార్పుతో’ అంటే కారణం చెప్పినట్టు, ‘చేశాక’ అంటే వరస మాత్రం చెప్పినట్టు.

అదే రెండో విడతలో 10 సార్లే చూసి ఉంటే? రేటు ఏమీ మారకపోయినా 10 సార్లూ ఆగకుండా వచ్చే అవకాశం దాదాపు ఐదింట ఒకటి. అప్పుడు ‘తగ్గింది’ ఎక్కువవుతుంది, ‘తగ్గినట్టుంది’ సరిపోతుంది. తెలుగులో ఈ మెట్లు క్రియ చివరే సిద్ధంగా ఉన్నాయి. ‘తగ్గి ఉండాలి’ అంటే ఆధారం నుంచి గట్టిగా ఊహిస్తున్నట్టు. ‘తగ్గినట్టుంది’ అంటే ఆనవాళ్లు కనబడుతున్నట్టు. ‘తగ్గి ఉండొచ్చు’ అంటే కాదనలేనంటున్నట్టు. ‘తగ్గిందేమో’ అంటే వట్టి అనుమానం. ‘తగ్గిందట’ మాత్రం ఈ వరసలోది కాదు. అది నమ్మకం ఎంతో చెప్పదు, మాట వేరేవాళ్లదని చెబుతుంది, అంతే. రిపోర్టులో అట అని రాస్తే ఎవరన్నారో కూడా రాయాల్సిందే. ‘వచ్చు’తో ఇంకో చిక్కుంది: “ఈ బటన్ నొక్కవచ్చు” అంటే అనుమతి, “పేజీ ఆగవచ్చు” అంటే అవకాశం. సూచనల పత్రంలో రెండూ పక్కపక్కన పడితే చదివేవాళ్లు తికమకపడతారు.

అలాగని మాటల మెట్లతోనే పని జరుగుతుందనుకోకూడదు. 1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, యుగోస్లావియా మీద దాడి జరిగేందుకు ‘తీవ్రమైన అవకాశం’ ఉందని ఒక అంచనా రాసింది. ఆ అంచనాల విభాగంలోని షెర్మన్ కెంట్‌ని ఒక అధికారి, అంటే ఎంత అని అడిగితే, దాడి జరిగే వైపే 65-35 అన్నాడు. అడిగినాయన అంతకంటే చాలా తక్కువ అనుకున్నాడు. కెంట్ వెనక్కి వెళ్లి, ఆ మాటకి కలిసి ఒప్పుకున్న తన సహచరులనే అడిగితే, ఒకరు 80-20 జరుగుతుందన్నారు, ఒకరు 20-80 అన్నారు. అందుకే నిర్ణయం ఆధారపడే చోట మాట పక్కన అంకె కూడా ఉండాలి. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ నివేదికల్లో ఇలాంటి మాటలకి ముందే హద్దులు రాసి పెడతారు: ‘సంభావ్యం’ అంటే కనీసం 66 శాతం, ‘చాలా సంభావ్యం’ అంటే కనీసం 90.

సరే, ఈ రెండు డ్రాఫ్టుల్లోనే ఒకటి ఎంచుకోవాల్సి వస్తే? టీమ్ లోపల తిరిగే కాగితమైతే నేను మొదటిదే తీసుకుంటా. అది తప్పు, కానీ పట్టుకోగల తప్పు. “పూర్తిగా అని ఎలా అంటావు?” అని ఎవరో ఒకరు అడుగుతారు, లెక్కలు బయటికొస్తాయి. రెండోదాన్ని ఎవరూ ఏమీ అడగరు. బయటికి పోయే కాగితమైతే మాత్రం రెండూ వద్దు. అక్కడ అడిగేవాళ్లుండరు, వాక్యాన్ని నమ్మి పని మొదలుపెట్టేవాళ్లుంటారు.

తర్వాతి వారం మూడు ఫోన్లలో తలా 100 సార్లు చూశాం. 4 సార్లు ఆగింది, నాలుగూ పాత మోడల్ ఫోన్‌లోనే. రిపోర్టులో చివరి వాక్యం ఒక్కటి మార్చి, మిగతాదంతా అలాగే ఉంచాం.