సరుకు ముందు, బిల్లు తర్వాత: నాలుగేళ్ల వాడకం

కావలిలో మాది రొయ్యల చెరువులకు ఏరేటర్లు అమ్మే దుకాణం. నీళ్లలో దించి, చక్రాలు తిరిగే తీరు చూశాకే ఎన్ని ఉంచుకునేదీ రైతు చెబుతారు. అందుకే సరుకు ముందు వెళ్తుంది. నాలుగేళ్లుగా టాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్, చలానా, ఇన్‌వాయిస్ మూడూ ముడివేసి నడుపుతున్నాను.

మొన్న అల్లూరు వైపు నుంచి ఒక రైతు పన్నెండు అడిగారు. పన్నెండుకూ సేల్స్ ఆర్డర్ రాశాను. దాంతో స్టాకు కదలదు. మొదటి విడత ఎనిమిదికి డెలివరీ చలానా వేస్తూ అందులో ఆర్డర్ నంబరు ఎంచుకున్నాను. గోదాములోని ఇరవై పన్నెండయ్యాయి, ఆర్డర్‌లో నాలుగు మిగిలాయి. విలువ 50,000 రూపాయలు దాటింది కాబట్టి ఈ-వే బిల్లు కూడా తీసి, చలానా రెండో ప్రతితో కలిపి డ్రైవరు చేతికిచ్చాను.

నాకు నచ్చనిది ఒకటుంది. సరుకు చెరువు గట్టున ఉన్నా, రైతు ఖాతాలో ఒక్క రూపాయీ కనబడదు. బాకీ ఎంతని ఖాతా ఒక్కటే చూస్తే మోసపోతాం.

వారం గడిచాక వాటిలో రెండు తిరిగొచ్చాయి. వాటిని అదే చలానా నంబరు మీద Rejections In లో ఎక్కించాను. స్టాకు పద్నాలుగు, బిల్లు వేయవలసినవి ఆరు. ఇక్కడిదాకా చక్కగా సాగింది.

తర్వాత బిల్లులు రాసే అబ్బాయి ఆరింటికీ నేరుగా ఇన్‌వాయిస్ కొట్టేశాడు, బిల్లును చలానాతో ముడివేసే ట్రాకింగ్ నంబరు దగ్గర చలానా ఎంచుకోలేదు. బిల్లు మొత్తం సరిపోయింది, పన్ను సరిపోయింది, రైతు డబ్బు కూడా పంపారు. తప్పు జరిగిందని ఎవరికి తెలుస్తుంది? చలానాతో ఒకసారి తగ్గిన స్టాకు ఇన్‌వాయిస్‌తో మళ్లీ తగ్గింది. తెర మీద ఎనిమిది, గోదాములో లెక్కపెడితే పద్నాలుగు. బిల్లు కావలసిన చలానాలు చూపే Sales Bills Pending జాబితా తెరిస్తే, బిల్లు అయిపోయిన ఆ ఆరు ఇంకా బిల్లు కానట్టే కూర్చున్నాయి. ఇన్‌వాయిస్ తెరిచి ఆ వస్తువుకు చలానా నంబరు తగిలించగానే రెండు లెక్కలూ కుదిరాయి. చాలామంది ఇలాంటప్పుడు స్టాకు సర్దుబాటు రాసి ముగిస్తారు. అప్పుడు జాబితాలో ఆ ఆరు అలాగే ఉండిపోతాయి, ఏదో ఒక రోజు వాటికి రెండో బిల్లు వెళ్తుంది.

నచ్చితేనే కొంటామన్న షరతు మీద వెళ్లిన సరుకు కాబట్టే మాకు ఈ వెసులుబాటు. మామూలు అమ్మకానికి సరుకు కదిలేటప్పటికే ఇన్‌వాయిస్ ఉండాలి. మా తరహాలోనైనా రైతు ఒప్పుకున్న రోజుకో, సరుకు కదిలిన ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పటికి ఇన్‌వాయిస్ పడాలి. ఆ గడువు గురించి మా దగ్గర ఏదీ గుర్తు చేయదు. నేనే శనివారం సాయంత్రం ఆ జాబితా తెరిచి, అన్నిటికంటే పాత చలానా ఎవరిదో చూసి, వాళ్లకు ఫోను చేస్తాను.